ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలు కాదు.. టైం చూడండి!

తాడేపల్లిగూడెంలో నా మొదటి ఉద్యోగం రోజులు. మధ్యాహ్నం భోజనాలు చేసి అప్పుడే సీట్లలో కూర్చున్నాం. పక్క సీటు కుర్రాడు ఒక్కసారిగా కుర్చీలోంచి ఒరిగిపోయాడు. ఒళ్లంతా కర్రలా బిగుసుకుంది. తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నోట్లో నురగ, పెదాలు నల్లబడ్డాయి. ‘చేతిలో తాళాలు పెట్టండ్రా’ అని ఒకరు, ‘నాలుక కొరుక్కుంటాడు, స్పూన్ తెండి’ అని ఇంకొకరు. ఇద్దరు భుజాలు అదిమి పట్టారు. తాళాల గుత్తి తీసిచ్చింది నేనే. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. ‘చూశారా, ఇనుము పనిచేసింది’ అన్నారు.

పనిచేయలేదు. ఫిట్స్ చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఎలాగూ రెండు నిమిషాలవుతుంది. దాంతో క్రెడిట్ తాళాలకి పోతుంది. ఉల్లిపాయ వాసన చూపించడం కూడా ఇలాంటిదే.

అసలు నష్టం ఆస్పత్రిలో తెలిసింది. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఎంతసేపు వచ్చింది?’. ఒకరు రెండు నిమిషాలన్నారు, ఇంకొకరు పది అన్నారు. అందరి జేబుల్లో ఫోన్లున్నాయి, ఒక్కరమూ టైం చూడలేదు. అదిమి పట్టిన పుణ్యానికి వాడికి వారం రోజులు భుజం నొప్పి.

అదే సీన్ మళ్లీ జరిగితే ఏం చేయాలి? ముందు స్టాప్‌వాచ్ నొక్కాలి. ఎందుకంటే 5 నిమిషాలు దాటిన ఫిట్స్ దానంతటది ఆగే అవకాశం తగ్గిపోతుంది. అప్పుడు మందు పడాలి, ఆలస్యమైతే మెదడుకే ముప్పు. తర్వాత కుర్చీలు, టేబుళ్లు పక్కకు జరిపి, తల కింద బ్యాగో మడిచిన చున్నీనో పెట్టండి. కళ్లజోడు తీసేయండి, మెడలో ఐడీ కార్డు ట్యాగ్, కాలర్ వదులు చేయండి. కదలికల్ని ఆపొద్దు. ఆపినా ఆగవు, కీలు తప్పొచ్చు, ఎముక విరగొచ్చు. నోట్లో ఏమీ పెట్టొద్దు. నాలుక మింగేయడం జరగని పని. కొరుక్కున్నా అది మానిపోతుంది. స్పూన్‌కి విరిగిన పన్ను గాలిగొట్టంలోకి పోతే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. పూర్తిగా తెలివి రాకముందు నీళ్లు పట్టినా అంతే.

కదలికలు తగ్గగానే పక్కకు ఒత్తిగిలేలా తిప్పండి. నురగ, లాలాజలం బయటికి పోతాయి. ఛాతీ కదులుతోందో లేదో చూడండి. కదలికలు ఆగాక కూడా మామూలుగా ఊపిరి తీసుకోకపోతే 108కి ఫోన్ చేసి సీపీఆర్ మొదలుపెట్టాలి. లేచాక కాసేపు అయోమయంగా ఉంటారు, మగతగా నిద్రపోతారు. పేరు, ఎక్కడున్నదీ సరిగ్గా చెప్పేదాకా ఒకరు పక్కనే కూర్చోవాలి. టీచర్లయితే మిగతా పిల్లల్ని బయటికి పంపేయండి. చుట్టూ గుంపు ఉంటే గాలి ఆడకపోవడం కంటే, లేచిన పిల్లాడికి సిగ్గు ఎక్కువ.

ప్రతిసారీ అంబులెన్స్ అక్కర్లేదు. మూర్ఛ ఉందని ముందే తెలిసిన మనిషి, రెండు నిమిషాల్లో ఆగి, మామూలుగా లేస్తే ఇంట్లోవాళ్లకి చెబితే చాలు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోసారి వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, గర్భిణి అయినా, షుగర్ ఉన్నా వెంటనే 108. జీవితంలో మొదటిసారి వచ్చినా అంతే.

ఆ ‘మొదటిసారి’ ఎంత ముఖ్యమో ఏలూరు చూసింది. 2020 డిసెంబర్ 5 నుంచి కొద్దిరోజుల్లో 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. చాలామంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. ఎక్కువమంది త్వరగానే కోలుకున్నారు, ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అంటే ఫిట్స్ వచ్చిన ప్రతి ఒక్కరికీ మూర్ఛరోగం ఉన్నట్టు కాదు. విషం, జ్వరం, షుగర్ పడిపోవడం.. ఏదైనా కావచ్చు. అందుకే మొదటిసారి వస్తే, ఆగిపోయింది కదా అని ఇంటికి పంపేయకూడదు.

కొల్లేరు వైపు లెక్క ఇంకాస్త మారుతుంది. లంక గ్రామానికి, చెరువు గట్టుకి అంబులెన్స్ రావడానికే టైం పడుతుంది కాబట్టి 5 నిమిషాలు నిండేదాకా ఆగకుండా ముందే ఫోన్ చేయండి. దారి చెప్పడానికి ఒకర్ని రోడ్డు మీదికి పంపండి. తరచూ ఫిట్స్ వచ్చేవాళ్లుంటే, ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా అని డాక్టర్నే అడగాలి. ఆయన రాసిస్తేనే, ఆయన చెప్పిన మోతాదులోనే వాడాలి. చేపల చెరువులో దిగినప్పుడు వస్తే, ముఖం నీళ్లపైకి ఉండేలా తల పట్టుకుని, కదలికలు తగ్గాక గట్టుకి తేవాలి. లేచి ‘బానే ఉన్నాను’ అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయాయేమో పైకి చూస్తే తెలీదు.