అంకెలు సరే, పక్కలు తారుమారు

కామర్స్ పరీక్షలో ఒక చిన్న ప్రశ్న. కొట్టు అద్దె 8,000 రూపాయలు నగదుగా చెల్లించారు, చిట్టాపద్దు రాయండి. విద్యార్థి రెండు ఖాతాల పేర్లూ సరిగ్గానే పట్టుకున్నాడు, అంకె కూడా సరిగ్గానే వేశాడు. రాసింది మాత్రం ఇలా: నగదు ఖాతాకు డెబిట్ 8,000, అద్దె ఖాతాకు క్రెడిట్ 8,000. దిద్దినాయన అడ్డంగా గీత కొట్టి సున్నా పెట్టాడు. ‘అంకెలన్నీ కరెక్టే కదా సార్, సగం మార్కులైనా ఇవ్వొచ్చుగా’ అని పిల్లవాడి గోడు.

జాలిపడాల్సిన గోడే గానీ, ఆ పద్దును తీసుకెళ్లి నిజం కొట్టులో పెట్టి చూస్తే సున్నా ఎందుకు పడిందో తెలుస్తుంది.

పద్దు రాసేటప్పుడు పాఠ్యపుస్తకం నేర్పే సూత్రాల్లో రెండు ఇక్కడ పనికొస్తాయి. వచ్చే ఆస్తికి డెబిట్, పోయే ఆస్తికి క్రెడిట్. ఖర్చుకూ నష్టానికీ డెబిట్, ఆదాయానికీ లాభానికీ క్రెడిట్. అద్దె ఖర్చు కాబట్టి దానికి డెబిట్. నగదు చేతి నుంచి పోయింది కాబట్టి దానికి క్రెడిట్. తిరగేసి రాస్తే ఆ పద్దు చెప్పేది వేరే కథ: ఎవరో మనకే అద్దె కట్టారు, గల్లాపెట్టెలో 8,000 వచ్చి పడింది అని.

ఇప్పుడు లెక్క చూద్దాం. పొద్దున గల్లాలో 30,000 ఉంది. అమ్మకాల మీద 10,000 వచ్చింది. అద్దె 8,000 పోయింది. సాయంత్రానికి ఉండాల్సింది 32,000. గల్లాలో ఉన్నదీ అంతే. పుస్తకం మాత్రం ముప్పై, పది, ఎనిమిది మూడూ కలిపి 48,000 ఉండాలంటుంది. తేడా 16,000. జరిగిన తప్పు 8,000 పద్దులో, తేలిన తేడా దానికి రెట్టింపు. బెజవాడ నుంచి గుంటూరు వెళ్లాల్సినవాడు అంతే దూరం ఏలూరు వైపు పోతే, దారి తప్పినంతా వెనక్కి వచ్చి, మళ్లీ అసలు దారి మొదటి నుంచీ నడవాలి కదా, అలాగన్నమాట.

లాభం సంగతీ ఇంతే. నెలకు సరుకు మీద మిగిలింది 40,000 అనుకుందాం. జీతాలూ కరెంటూ కలిపి 12,000, అద్దె 8,000 పోతే నికరంగా 20,000 మిగలాలి. తిరగబడిన పద్దుతో అద్దె ఖర్చు కింద తగ్గకపోగా ఆదాయంలా వచ్చి కలుస్తుంది. లాభం 36,000 అని తేలుతుంది. పద్దే రాయకుండా మరిచిపోయి ఉంటే 28,000 తేలేది. అంటే అసలు రాయనివాడి కంటే తిరగేసి రాసినవాడే నిజానికి ఎక్కువ దూరం పోయాడు. పిల్లవాడు అడిగిన సగం మార్కులకు ఇదే జవాబు.

ఇంత పెద్ద తేడాను అంకణా పట్టుకోదా? పట్టుకోదు. అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, చూసేది ఒక్కటే: డెబిట్ నిల్వల మొత్తం, క్రెడిట్ నిల్వల మొత్తం సమానమా కాదా అని. పద్దు మొత్తం తిరగబడ్డా ఒక వైపు 8,000, ఇంకో వైపు 8,000 పడ్డాయి కనుక రెండు మొత్తాలూ చక్కగా సరిపోతాయి. వెనిస్‌లో 1494లో అచ్చైన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ ఈ జంట పద్దు విధానాన్ని వివరించిన నాటి నుంచి, కంప్యూటర్‌లో టాలీ వాడే ఈనాటి దాకా ఈ పరిమితి అలాగే ఉంది. టాలీలో జర్నల్ వోచర్ కూడా రెండు వైపులా మొత్తం కుదిరితే చాలు, తీసేసుకుంటుంది. అద్దె మనం కట్టామా, మనకు కట్టారా అన్నది దానికెలా తెలుస్తుంది?

చిట్టా సరిగ్గా రాసి, ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు ఒక్క ఖాతాలో మాత్రమే పక్క మారితే అది వేరే జబ్బు. అప్పుడు అంకణా కుదరదు, తేడా ఆ అంకెకు రెట్టింపు వస్తుంది. అందుకే పాత గుమాస్తాలు తేడా రాగానే దాన్ని సగం చేసి, ఆ సగం అంకె ఉన్న పద్దు కోసం వెతికేవాళ్లు. గల్లా తేడాకూ అదే చిట్కా పనిచేస్తుంది. పైన మన కొట్టులో 16,000 కోసం వెతికితే ఏమీ దొరకదు, 8,000 కోసం వెతికితే అద్దె పద్దు కనపడుతుంది.

ఈ తప్పు ఎందుకు జరుగుతుందంటే, నా ఉద్దేశంలో సగం నేరం బ్యాంకు మెసేజ్‌లది. ఖాతాలో డబ్బు పడితే ‘క్రెడిట్’ అనీ, పోతే ‘డెబిట్’ అనీ ఫోనుకు రోజూ వస్తుంటుంది. ఆ మాటలు బ్యాంకు తన పుస్తకంలో రాసుకున్నవి. మనం వేసిన డబ్బు బ్యాంకుకు అప్పు, మనకు తిరిగి ఇవ్వాల్సిన బాకీ. బాకీ పెరిగితే దాని పుస్తకంలో క్రెడిట్. అదే డబ్బు మన పుస్తకంలో ఆస్తి, పెరిగితే డెబిట్. బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని, అందులో ఏ పక్కనుంటే మన పుస్తకంలోనూ ఆ పక్కనే ఎక్కించుకుంటూ పోయే కొత్త గుమాస్తా నెల పద్దులన్నీ తిరగేస్తాడు, అదీ ఎక్కడా తడబడకుండా.

ఇక సవరణ. 8,000కు సరైన పద్దు ఒకటి రాస్తే సరిపోతుందనుకోవడం రెండో పొరపాటు. ఆ ఒక్క పద్దూ పాత తప్పును రద్దు చేయడానికే సరిపోతుంది. అద్దె ఖాతా సున్నాకు వస్తుంది, అద్దె అసలు కట్టనట్టే ఉంటుంది. అసలు చెల్లింపును రాయడానికి ఇంకో 8,000 కావాలి. అందుకే పుస్తకాల్లో అద్దెకు డెబిట్ 16,000, నగదుకు క్రెడిట్ 16,000 అని ఒకే సవరణ పద్దు చూపిస్తారు. పరీక్షకు అది చాలు. కొట్టులో మాత్రం రెండు వేర్వేరు పద్దులుగా రాయడమే నాకు నచ్చుతుంది, ఒకటి రద్దుకు, ఒకటి చెల్లింపుకు. రేపు ఆడిటరు వచ్చి 16,000 అద్దెకు రసీదేదీ అంటే చూపించడానికి ఉన్నది 8,000 రసీదే కదా. పాత పద్దును చెరిపేయడం ఎలాగూ కుదరని పని. కంపెనీలైతే 2023 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు, ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదుచేసే సాఫ్ట్‌వేరే వాడాలని నిబంధన ఉంది.

నగదు పద్దయితే గల్లా లెక్కపెట్టగానే బయటపడుతుంది. ఖాతాదారుడు బాకీలో 5,000 కడితే దాన్ని తిరగేసి రాసినప్పుడు, ఆయన బాకీ తగ్గకపోగా పెరుగుతుంది. బిల్లు చూసి ఆయనే ఫోన్ చేసి కేకలేస్తాడు. చిక్కంతా ఇలా బయట నుంచి అడిగేవాడు లేని పద్దులతోనే. యంత్రం మీద తరుగుదల తిరగబడితే యంత్రం విలువ ఏటికేడాది తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, ఎవరూ వచ్చి అడగరు. అలాంటప్పుడు చూడాల్సింది నిల్వ ఏ పక్కన ఉందన్నది. ఖర్చు ఖాతా క్రెడిట్ నిల్వ చూపినా, నగదు ఖాతా క్రెడిట్ నిల్వ చూపినా ఎక్కడో పక్క మారిందని అనుమానించాలి. ఉన్న డబ్బు కంటే ఎక్కువ గల్లాలోంచి తీయలేం కదా. అయితే నెలకు 2,000 చొప్పున ఏడాది పొడుగునా కట్టిన కరెంటు బిల్లుల్లో ఒక్క నెలది తిరగబడితే ఈ పరీక్షా తప్పుతుంది. 24,000 ఉండాల్సిన చోట 20,000 ఉంటుంది, నిల్వ డెబిట్ పక్కనే ఉంటుంది. ఆ ఖాతాను నెలనెలా వరసగా తెరిచి చూసినవాడికే ఆ ఒక్క నెల అంకె ఎదుటి పక్కన కనిపిస్తుంది.