శీర్షికలో మాట, బొమ్మలో సాక్ష్యం

ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో హోమ్ స్క్రీన్‌ను కుడివైపుకి జరిపితే వార్తల వరుస ఒకటి కనిపిస్తుంది. దాని పేరు గూగుల్ డిస్కవర్. 2018లో ఈ పేరు పెట్టారు. ఇక్కడ పాఠకుడు ఏమీ వెతకడు. అతని ఆసక్తులను బట్టి గూగులే కథనాలు ఎంచి ముందు పెడుతుంది. అడగని మనిషి ముందు మన కథనం నిలబడాలంటే దానికి ఉండే ఆధారాలు రెండే: ఒక బొమ్మ, ఒక శీర్షిక.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మే నెలలో ఒక చిన్న తెలుగు వెబ్‌సైట్‌వాళ్లు కార్బైడ్‌తో మాగబెట్టిన మామిడి మీద కథనం రాశారనుకోండి. విషయం మంచిదే. మన దేశంలో కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నిషేధం. పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువు వాడవచ్చు. పాఠకులకు పనికొచ్చే సంగతులన్నీ కథనంలో ఉన్నాయి. కానీ డిస్కవర్‌లో అది కనబడిందంటే ఎక్కడో మూలన చిన్న బొమ్మతోనే.

లోపం ఎక్కడుందో తెలియాలంటే కథనం పేజీ సోర్స్ తెరిచి ఈ రెండు వరుసల కోసం చూడాలి:

```
<meta name="robots" content="max-image-preview:large">
<meta property="og:image" content="...">
```

మొదటి వరుస, బొమ్మను పెద్దదిగా చూపడానికి గూగుల్‌కు మనమిచ్చే అనుమతి. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు 2021లో వచ్చిన 5.7 నుంచి ఇది దానంతటదే చేరుతోంది. రెండో వరుసలోని లింకును బ్రౌజర్‌లో తెరిస్తే అసలు సంగతి బయటపడుతుంది. చాలాచోట్ల అక్కడ దొరికేది సైట్ లోగో, లేదంటే 300 పిక్సెళ్ల సూక్ష్మచిత్రం. గూగుల్ అడిగే వెడల్పు కనీసం 1200 పిక్సెళ్లు. లోగోను బొమ్మగా పెట్టొద్దని కూడా అది స్పష్టంగా చెబుతుంది.

చిన్న బొమ్మను సాగదీసి 1200 చేస్తే అంకె సరిపోతుంది గానీ పండు మసకబారుతుంది. విలేకరి వాట్సాప్‌లో పంపిన ఫొటో కుదించుకుపోయి ఉంటుంది కాబట్టి అసలు ఫైలే తెప్పించుకోవాలి. నిలువుగా తీసిన ఫొటో అయితే ఇంకో చిక్కు. కార్డులో బొమ్మ ఇంచుమించు 16:9 నిష్పత్తిలో అడ్డంగా పడుతుంది. 1200 వెడల్పు, 1600 ఎత్తు ఉన్న ఫొటోను అలా కత్తిరిస్తే ఎత్తులో మిగిలేది 675 మాత్రమే. గంపలోని పండ్లు పోయి అమ్మేవాడి చొక్కా మిగలొచ్చు. ఆ కత్తిరింపు మనమే చేసి పెట్టుకోవడం మేలు. బొమ్మ మీద పెద్ద అక్షరాలు రాయడం మన దగ్గర అలవాటే, కానీ ఫోన్‌లో అవి తెగిపోతాయి, పండునూ కప్పేస్తాయి. రెండు ముక్కలుగా కోసిన మామిడి దగ్గరి ఫొటో, తొక్క పచ్చగా మెరుస్తూ లోపల కండ ఇంకా తెల్లగా ఉన్నది, ఈ కథనానికి సరైన బొమ్మ. కథనం చెప్పే విషయం దానిలోనే కనిపిస్తోంది.

ఇక శీర్షిక. ‘ఈ మామిడిపండు తింటే ఇక అంతే!’ అని పెడితే వేళ్లు ఆగుతాయి, నిజమే. ఏ పండో, ఏమవుతుందో దాచిపెట్టి పాఠకుణ్ని లోపలికి లాగే ఎర అది. ముఖ్యమైన సంగతిని దాచడమూ, ఉన్నదాన్ని పెంచి చెప్పడమూ రెండూ వద్దనే గూగుల్ మార్గదర్శకాలు అంటాయి. నా అభ్యంతరం అంతకంటే పెద్దది: పిల్లలకు పండు కోసిపెట్టే తల్లి ఆ మాట చదివి నిజంగానే భయపడుతుంది. పైగా మోసపోయిన పాఠకుడు మూడు చుక్కలు నొక్కి ఈ సైట్ నాకు చూపొద్దని చెప్పేయగలడు.

‘కార్బైడ్ మామిడిని ఇట్టే గుర్తుపట్టండి’ అన్నదీ నిజాయతీ కాదు. కంటితో చూసి కచ్చితంగా తేల్చలేం. ‘తొక్కంతా పసుపు, లోపల పులుపు: మామిడిని అనుమానించాల్సిన గుర్తులు’ అంటే కథనంలో ఉన్నంతే చెప్పినట్టు. తెలుగు మాటలు పొడవు. వరుస నిండాక శీర్షిక తెగిపోతుంది కాబట్టి అసలు సంగతి ముందే రావాలి.

ఇవన్నీ చేసినా డిస్కవర్‌లో చోటు దక్కుతుందన్న హామీ లేదు. ఫలితం చూడాలంటే సెర్చ్ కన్సోల్‌లో డిస్కవర్ నివేదిక ఉంటుంది. కథనాలు కొంత మేరకు కనబడితేనే అది తెరుచుకుంటుంది. చాలామందికి కనిపించినా కొద్దిమందే నొక్కితే ముందు బొమ్మనూ శీర్షికనూ అనుమానించాలి. అసలు కనిపించిందే తక్కువైతే కారణం వేరే ఉండొచ్చు. మామిడి కాలం దాటి జూలైలో ఆ గీత కిందికి దిగితే, శీర్షిక జోలికి వెళ్లనక్కర్లేదు.