నీడన పెరిగిన నారుకు ఎండ అలవాటు చేసే వారం

రథసప్తమి దాటాక హైదరాబాద్ మిద్దెతోటల్లో ఏటా ఒక కష్టం కనిపిస్తుంది. షేడ్‌నెట్ కింద నిగనిగలాడుతూ పెరిగిన టమాటా నారును నర్సరీ నుంచి తెచ్చి, ఆ పూటే కుండీల్లో నాటేస్తారు. మర్నాటి మధ్యాహ్నానికి ఆకులు వేలాడతాయి. రెండు మూడు రోజుల్లో వాటి మీద తెల్లటి మచ్చలు పడతాయి, అంచులు కాగితంలా ఎండుతాయి. నీళ్లు చాలలేదేమోనని కొందరు మళ్లీ మళ్లీ పోస్తారు. తెగులనుకుని ఇంకొందరు మందు కొడతారు. ఆ మొక్కకు తగిలింది ఎండదెబ్బ.

50 శాతం షేడ్‌నెట్ ఎండలో దాదాపు సగాన్ని పైనే ఆపేస్తుంది. కింద గాలి నెమ్మది, తేమ ఎక్కువ. అక్కడ విచ్చుకున్న ఆకు ఆ వెలుతురుకు తగ్గట్టే తయారవుతుంది: వెడల్పుగా, పల్చగా, పైన మైనపు పొర సన్నగా ఉంటుంది. తేమ గాలికి అలవాటుపడిన పత్రరంధ్రాలు పొడి గాలి తగిలినప్పుడు చప్పున మూసుకోలేవు. అలాంటి ఆకు మీద ఒక్కసారిగా నడిపొద్దు ఎండ పడితే, అది వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ వెలుతురు లోపలికి చేరుతుంది. ఆ మిగులు శక్తే పత్రహరితాన్ని దెబ్బతీసి ఆకును తెల్లబారుస్తుంది. వేరు అందించగలిగిన దానికన్నా ఎక్కువ నీరు అదే సమయంలో ఆకుల గుండా ఆవిరైపోతుంది.

ఒకసారి పూర్తిగా విచ్చుకున్న ఆకు తన మందాన్ని పెద్దగా మార్చుకోలేదు. ఎండను కొద్దికొద్దిగా చూపిస్తే మాత్రం కొన్ని రోజుల్లో మైనాన్ని కాస్త పెంచుకుంటుంది, వేడి వెలుతురును తట్టుకునే రక్షక వర్ణకాలను తయారుచేసుకుంటుంది. ఈలోగా చివర పుట్టే కొత్త ఆకు ఎండలోనే విచ్చుకుంటుంది కనుక మొదటినుంచీ మందంగా, గట్టిగా వస్తుంది. నారును గట్టిపరచడానికి వారం పది రోజులు పట్టేది ఇందుకే. పాత ఆకులు తట్టుకుని నిలబడాలి, కొత్త ఆకు ఒకటైనా ఎండలో పుట్టాలి.

చాలామంది దీన్ని నీళ్లు మాన్పించడంగానే అర్థం చేసుకుంటారు. తడి కాస్త తగ్గిస్తే పైపెరుగుదల నెమ్మదించే మాట నిజమే. కానీ నేలలో పోసిన నారుమడికి ఉన్న వెసులుబాటు ట్రేకు లేదు. 98 గుంతల ప్రోట్రేలో ఒక్కో మొక్క వేళ్లకు దొరికేది నాలుగైదు చెంచాల కొబ్బరిపొట్టు మాత్రమే. ఎండలో అది ఒక్క మధ్యాహ్నంలో ఆరిపోతుంది. పూర్తిగా ఎండిన పొట్టు కుంచించుకుని గుంత గోడల నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీరు పక్కల నుంచి జారిపోతుందే తప్ప వేరును తడపదు. అందుకని ఎండ పెంచే రోజుల్లో ట్రేను చేత్తో ఎత్తి చూడాలి. పైపొట్టు రంగు తేలి, ట్రే తేలికైనప్పుడు నిండుగా తడపాలి. ఆ మధ్యలో ఊరికే చిలకరించకూడదు. వాడిపోయేదాకా మాడ్చకూడదు. 19:19:19 లాంటి నత్రజని ఉన్న పిచికారీలను ఈ వారం ఆపేయాలి. అది లేత పెరుగుదలను ఉసిగొలుపుతుంది, ఇప్పుడు కావలసింది అది కాదు.

ఫిబ్రవరిలో మిద్దె మీద పెట్టబోయే టమాటా ట్రేనే తీసుకుందాం. విత్తిన 25 రోజుల ప్రాంతంలో నాటాలంటే, 17, 18వ రోజున పని మొదలుపెట్టాలి. మొదటి రెండు రోజులు తూర్పు వైపు గంటసేపు లేత ఎండ చాలు. తర్వాత పైన ఆకాశం కనిపించే వెలుతురు నీడలోకి, అంటే గోడ పక్కకో చెట్టు కిందికో మార్చాలి. గది లోపలికి తీసుకుపోతే ఎండకు, నీడకు మధ్య అంతరం మరీ పెరుగుతుంది. మూడు, నాలుగు రోజుల్లో 10 గంటల వరకు ఎండ చూపించవచ్చు. ఐదు, ఆరు రోజుల్లో మధ్యాహ్నం దాకా ఉంచి, నడి ఎండను తప్పించి, సాయంత్రం నాలుగు తర్వాత మళ్లీ పెట్టాలి. ఏడో రోజు నుంచి పగలంతా ఎండలోనే ఉంచవచ్చు. రాత్రిళ్లు కూడా బయటే ఉంచడం మంచిది. మబ్బు పట్టిన రోజును లెక్కలో వేయకూడదు. ఆ రోజు మొక్క ఎండను చూడలేదు కాబట్టి, పాత సమయంతోనే మర్నాడు కొనసాగించాలి.

ట్రేను స్లాబు మీద నేరుగా పెట్టకూడదు. నల్ల ప్లాస్టిక్ పైనుంచి, కాంక్రీటు కింది నుంచి కాగి వేళ్లను ఉడికిస్తాయి. ఇటుకల మీదో చెక్క మీదో ఎత్తి పెడితే కింద గాలి ఆడుతుంది. మెల్లగా వీచే గాలి కాండాన్ని కదిలిస్తుంది, ఆ కదలికకే అది పొట్టిగా, లావుగా పెరుగుతుంది.

గతి తప్పిందో లేదో మొక్కే చెబుతుంది. పొట్టు తడిగా ఉన్నా మధ్యాహ్నం ఆకులు కాస్త వాలి, సాయంత్రానికి నిలబడితే భయం లేదు. మర్నాటి ఉదయానికీ లేవకపోతే ఎండను రెండు రోజుల వెనక్కి తగ్గించాలి. ఎండకు ఎదురుగా ఉన్న ఆకులకే మచ్చలు పడి, వాటి నీడలో ఉన్న కింది ఆకులు పచ్చగా ఉంటే అది ఎండదెబ్బేనని నమ్మవచ్చు. తెగులు అలా ఎండవైపునే ఎంచుకోదు. తెల్లబడిన భాగం తిరిగి పచ్చబడదు. అలాగని ఆకును తుంచేయనక్కర్లేదు, మిగిలిన పచ్చదనం ఇంకా ఆహారం తయారుచేస్తుంది. చూడవలసింది చిగురును. అది బతికి ఉంటే మొక్క కోలుకుంటుంది.

పొలానికి నారు పెంచేవాళ్లు ట్రేలను మోసుకు తిరగరు, షేడ్‌నెట్‌నే మడిచి పైకి లాగుతారు. గుంటూరు, ఖమ్మం వైపు మిరప నారు నాటడానికి సుమారు 35 నుంచి 40 రోజులు పడుతుంది. నాటే ముందు చివరి వారంలో మొదట ఉదయం, సాయంత్రం, తర్వాత రోజంతా నెట్ తీస్తే సరిపోతుంది. అయితే పురుగులు రాకుండా చుట్టూ కట్టిన సన్నకన్నుల వలను మాత్రం తీయకూడదు. ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది. గట్టిపడిన నారైనా దానికి లొంగుతుంది.

అన్ని పంటలకూ ఒకే కొలత లేదు. బీర, కాకర, దోస ట్రేలో 12 నుంచి 15 రోజులకు మించి ఉండకూడదు. వాటికి మూడు నాలుగు రోజుల ఎండ చాలు, బెట్ట పెడితే నాటాక సాగవు. కాలీఫ్లవర్ నారును మరీ బిగబట్టినా, ముదరబెట్టినా మొక్క పెరగకముందే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. టమాటా కాండం ఊదారంగు జీర పట్టడం మంచి గుర్తే. అది చెక్కలా బిరుసెక్కి, చిగురు కదలక నిలిచిపోతే మాత్రం గట్టిపరచడం హద్దు దాటినట్టు.

నాటేది సాయంత్రం పూట కావాలి. గంట ముందు ట్రేను బాగా తడిపితే వేరుముద్ద చెదరకుండా వస్తుంది. దాన్ని మట్టిలో దించి, పైన వేలి మందాన మట్టి కప్పాలి. కొబ్బరిపొట్టు బయటికి కనిపిస్తుంటే చుట్టూ మట్టి తడిగా ఉన్నా ముద్ద ఆరిపోతుంది.

కొనుక్కునేవాళ్లు నర్సరీలో ఒక్క మాట అడగాలి: షేడ్‌నెట్ తీసి ఎన్నాళ్లయింది? ఇంకా తీయలేదంటే నారును వదిలేయనక్కర్లేదు. ఇంటికి తెచ్చాక ట్రేలోనే వారం ఉంచి, ఎండను రోజూ కాస్త పెంచి, ఆ తర్వాతే నాటండి.