పలకలు దేరిన దానిమ్మ

బండి మీద దానిమ్మలు చూడగానే మన చెయ్యి బాగా ఎర్రగా, నున్నగా, బంతిలా గుండ్రంగా ఉన్న కాయ మీదికే పోతుంది. ఆ మూడు గుణాల్లో ఏదీ అంతగా నమ్మదగ్గది కాదు. ఎరుపు చాలావరకు రకాన్ని బట్టి వస్తుంది. మహారాష్ట్ర నుంచీ అనంతపురం వైపు తోటల నుంచీ వచ్చే భగువా రకం తొక్క కుంకుమ రంగులో మెరుస్తుంది. పాత గణేశ్ రకం మాత్రం పసుపు మీద లేత గులాబీ దగ్గరే ఆగిపోతుంది. అంత మాత్రాన అది పచ్చికాయ కాదు. తియ్యగానే ఉంటుంది, గింజ కూడా మెత్తన.

గుండ్రదనం సంగతి చూడండి. లేత కాయ గుండ్రంగా ఉంటుంది. ముదిరే కొద్దీ లోపలి గింజలు రసంతో ఉబ్బి తొక్కను బయటికి నెడతాయి. దాంతో తొక్క అక్కడక్కడ చదునై, కాయ పలకలు దేరుతుంది. చేత్తో తడిమితే మూలలు తెలుస్తాయి. అలాంటి కాయే కావాలి. ఇంటికి తెచ్చాక ముగ్గుతుందిలే అనుకోవడానికి దానిమ్మ మామిడి కాదు. కోశాక దాని తీపి పెరగదు, కాబట్టి ఎంపికంతా బండి దగ్గరే జరగాలి.

ఒకే సైజు కాయలు రెండు తీసుకుని చెరో చేతిలో పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. బరువుగా ఉన్నదానిలో రసం ఎక్కువ. తొక్క కాస్త ఎండి తోలులా ఉన్నా పరవాలేదు. పైపైన గోధుమరంగు గీతలున్నా లోపలికేమీ కాదు. పైనున్న పువ్వు చుట్టూ నొక్కినప్పుడు మెత్తగా దిగబడితే మాత్రం వదిలేయండి. పగిలిన కాయా వద్దు. ఎండిన చెట్టుకు ఒక్కసారిగా నీళ్లందితే గింజలు ఉబ్బినంత వేగంగా తొక్క సాగలేక చిట్లుతుంది. ఆ చీలికలోంచి బూజు లోపలికి పోతుంది.

ఒక్క జబ్బు మాత్రం ఈ పరీక్షలకు సరిగ్గా దొరకదు. పూత మీదున్నప్పుడే ఒక బూజు పువ్వు గుండా లోపలికి చేరి, పైకి నవనవలాడుతున్న కాయ నడిబొడ్డును నల్లగా కుళ్లబెడుతుంది. అలాంటి కాయ కొంచెం తేలిగ్గా ఉండొచ్చు, రంగు కాస్త వాడినట్టుండొచ్చు, అంతే. కోశాక నలుపు కనిపిస్తే అమ్మినవాణ్ణి తిట్టుకోకండి, అతనికీ తెలిసి ఉండదు. పక్క గింజలు బాగున్నట్టే కనిపించినా ఆ కాయను పారేయడమే మేలు.

ఇక గింజలు తీయడం. కాయను నిమ్మకాయలా అడ్డంగా రెండు చెక్కలు చేయడమే అసలు చిక్కు. లోపల గింజలు అరలు అరలుగా ఉంటాయి, అరకూ అరకూ మధ్య తెల్లటి పొర ఉంటుంది. అడ్డంగా దిగిన కత్తి దారిలో ఉన్న గింజలన్నింటినీ తెగ్గొడుతుంది. పొర వెంట పోతే ఒక్క గింజా తెగదు.

అందుకని ముందు పువ్వు చుట్టూ కత్తి మొనతో గుండ్రంగా గాటు పెట్టి, ఆ మూతను పైకి లాగండి. గాటు తొక్క మందం మేరకే ఉండాలి. లోపల ఎరుపు తగిలిందంటే లోతు ఎక్కువైనట్టే. మూత తీయగానే మధ్య నుంచి అంచులకు పోయే తెల్లటి గీతలు కనిపిస్తాయి, మామూలుగా ఐదారు. ఒక్కో గీత తొక్కను తాకిన చోటి నుంచి తొడిమ దాకా పైపైన కత్తితో గీయండి. తర్వాత కత్తి పక్కన పెట్టి, రెండు బొటనవేళ్లూ మధ్యలో పెట్టి విప్పితే కాయ ముక్కలుగా విచ్చుకుంటుంది. తొడిమ వైపు అరల అమరిక వేరు, కింది పొరలు పై గీతలతో కలవవు. అక్కడ కత్తి వాడకుండా చేత్తోనే విరవండి.

ఒక్కో ముక్కను గిన్నె మీద పట్టుకుని, తొక్కను వెనక్కి వంచి, బొటనవేలితో గింజల మొదళ్లను పక్కకు తోయండి. పైనుంచి నొక్కితే చితుకుతాయి, మొదట్లో కదిపితే రాలిపోతాయి. గిన్నెలో నీళ్లు పోసుకుని అందులోనే చేస్తే బట్టల మీద మరకలు పడవు. గింజలు అడుక్కు పోతాయి, పొరలు పైకి తేలతాయి. కాకపోతే ఎక్కువసేపు నానబెట్టకండి, రుచి పలచబడుతుంది.

గరిటెతో తొక్క మీద కొట్టే పద్ధతి కూడా ఉంది. బాగా పండిన కాయకు అది వేగంగానే పనిచేస్తుంది. ఐతే కొట్టేముందు చెక్క అంచుల్ని నాలుగు వైపులా లాగి వదులు చేయాలి. అలా చేయకపోతే దెబ్బలు గట్టిగా వేయాల్సి వస్తుంది, గింజలు చితికి రసం కారుతుంది. పండని కాయలో గింజ పొరను పట్టుకునే ఉంటుంది, దానికి బొటనవేలే గతి.

300 గ్రాముల కాయలో దాదాపు సగం బరువు గింజలే దక్కుతాయి. వాటిని తడి లేకుండా ఆరనిచ్చి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటాయి. దద్దోజనంలో వేసేటట్టయితే తినే ముందే కలపండి. ముందే వేస్తే అన్నమంతా గులాబీ రంగు తిరుగుతుంది.