గ్యారంటీ కాగితంలో ఏముంది?

ఒక కాంట్రాక్టరు 40 కోట్ల రూపాయల కాలువ పని చేస్తున్నాడనుకుందాం. పని మొదట్లో సర్కారు శాఖ 4 కోట్లు మొబిలైజేషన్ అడ్వాన్సుగా ఇచ్చి, దానికి హామీగా బ్యాంకు గ్యారంటీ తీసుకుంది. రన్నింగ్ బిల్లుల్లో కోతలు పడుతూ 3 కోట్ల 40 లక్షలు శాఖకు తిరిగి చేరాయి. ఇంతలో పని ఆలస్యం మీద తగాదా ముదిరి ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది, ట్రిబ్యునల్ కూడా ఏర్పడింది. అప్పుడు శాఖ బ్యాంకుకు ఉత్తరం రాసింది: మొత్తం 4 కోట్లూ చెల్లించండి.

ట్రిబ్యునల్ ఏర్పడక ముందైతే కాంట్రాక్టరు 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టంలోని సెక్షన్ 9 కింద కోర్టుకు వెళ్లాలి. ఏర్పడ్డాక దారి సెక్షన్ 17. ట్రిబ్యునల్ వల్ల తగిన ఊరట దొరకని పరిస్థితి ఉంటే తప్ప కోర్టు ఇక ఆ దరఖాస్తును తీసుకోదు. 2015 సవరణ తర్వాత ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వును కోర్టు ఉత్తర్వులాగే అమలు చేయించుకోవచ్చు.

దరఖాస్తు రాయడానికి కూర్చోగానే చేయి తగాదా వైపే పోతుంది. డ్రాయింగులు ఆలస్యంగా ఇచ్చారు, భూమి అప్పగించలేదు, తప్పంతా శాఖదే అంటూ ముప్పై పేజీలు నిండిపోతాయి. అవన్నీ నిజమే కావచ్చు, కానీ ఈ దరఖాస్తులో వాటికి బలం లేదు. గ్యారంటీ బ్యాంకుకూ శాఖకూ మధ్య విడి ఒప్పందం. అసలు కాంట్రాక్టులో తగాదా ఉందన్న కారణంతో చెల్లింపు ఆపరాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. మినహాయింపులు ప్రధానంగా రెండే: గ్యారంటీ పునాదినే దెబ్బతీసే ఘోరమైన మోసం, డబ్బు పోతే మళ్లీ రాబట్టుకోలేనంతటి అన్యాయం.

రెండో దాని మీద మనవాళ్లు అనవసరంగా ఆశ పెట్టుకుంటారు. దీనికి తీర్పులు చూపే ఉదాహరణ అమెరికాలోని ఐటెక్ కంపెనీ కేసు. ఇరాన్ విప్లవం తర్వాత అక్కడి కోర్టుల్లో గెలిచి డబ్బు తెచ్చుకోవడం ఆ కంపెనీకి అసాధ్యమైంది. మన కాంట్రాక్టరు రేపు గెలిస్తే సర్కారు డబ్బు కట్టలేదా? కడుతుంది. వ్యాపారం దెబ్బతింటుంది, బ్యాంకులో పరపతి పోతుంది అన్న మాటలు ఇక్కడ చాలవు.

కాబట్టి మొదట చదవాల్సింది గ్యారంటీ కాగితం, దాని పక్కనే శాఖ రాసిన డిమాండ్ ఉత్తరం. గ్యారంటీలో ‘ఇంకా వసూలు కాని అడ్వాన్సు మేరకు’ అని ఉంటే కాంట్రాక్టరుకు గట్టి ఆధారం దొరికినట్టే. వసూలు కానిది 60 లక్షలైతే 4 కోట్లు అడగడం గ్యారంటీ షరతులకే విరుద్ధం. 1999లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ, బిహార్ ప్రభుత్వం మధ్య కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి అడ్వాన్సు గ్యారంటీనే పరిశీలించింది. డిమాండ్ గ్యారంటీ మాటలకు అనుగుణంగా ఉండి తీరాలని, దాన్ని అడగాల్సిన అధికారే అడగాలని చెప్పింది. అందుకే ఉత్తరం కింద సంతకం ఎవరిదో, గడువు తేదీ దాటిందో లేదో కూడా చూడాలి.

అదే కాగితంలో ‘అడిగిన వెంటనే, అభ్యంతరం లేకుండా, 4 కోట్ల వరకు, శాఖ మాటే తుది మాట’ అని ఉంటే ఈ వాదన చాలావరకు కూలిపోతుంది. అప్పుడిక మోసం అని పేరు పెట్టి చూసేవాళ్లుంటారు. ఊరికే ‘మోసం చేశారు’ అని రాస్తే ట్రిబ్యునల్ పట్టించుకోదు. ఎవరు, ఎప్పుడు, ఏ కాగితంతో అన్న వివరాలు కావాలి.

మన ఉదాహరణలో దరఖాస్తుకు గుండెకాయ ఒక చిన్న పట్టిక. బిల్లు నంబరు, తేదీ, కోసిన మొత్తం, మిగిలిన బాకీ వరసగా చూపాలి. ప్రతి వరుసకూ శాఖ ఇంజినీరు సంతకం చేసిన బిల్లునే జతచేయాలి. కాంట్రాక్టరు సొంత లెక్కల కన్నా అవతలివాళ్ల సంతకానికే విలువెక్కువ. ఆ 60 లక్షల బాకీని దాచకూడదు. దాన్ని ఒప్పుకుని, డిపాజిట్ చేస్తామని ముందే రాస్తే మిగతా 3 కోట్ల 40 లక్షల మీద అడిగేది న్యాయంగా కనిపిస్తుంది.

ఏం ఉత్తర్వు కావాలో రాసే పేరాలో చాలామంది ‘బ్యాంకు చెల్లించకుండా ఆపండి’ అంటారు. బ్యాంకు ఆర్బిట్రేషన్‌లో పార్టీ కాదు, ట్రిబ్యునల్ దాన్ని శాసించలేదు. అడగాల్సింది శాఖ మీద: డిమాండ్‌ను వెనక్కి తీసుకోవాలి, డబ్బు స్వీకరించకూడదు, దరఖాస్తు తేలేదాకా ఈ ఉత్తర్వు అమల్లో ఉండాలి. గ్యారంటీ గడువు ముగియకుండా పొడిగిస్తూ ఉంటామన్న హామీ కాంట్రాక్టరు వైపు నుంచి రావాలి. అది లేకపోతే ట్రిబ్యునల్ ఆపే ప్రతి రోజూ శాఖకు నష్టమే.

డిమాండ్ అందాక బ్యాంకు ఎక్కువ రోజులు ఆగదు. దరఖాస్తు విచారణకు వచ్చేలోపే డబ్బు శాఖ ఖాతాలో పడిపోవచ్చు. అందుకే ప్రత్యామ్నాయ కోరిక ముందే రాసి ఉంచాలి: డబ్బు చేరి ఉంటే, కోసుకున్న 3 కోట్ల 40 లక్షల మేరకు దాన్ని విడి ఖాతాలో ఉంచాలని లేదా సమాన విలువ గల హామీ ఇవ్వాలని. ఇచ్చినా నిరాకరించినా, ట్రిబ్యునల్ ఉత్తర్వు మీద సెక్షన్ 37 కింద కోర్టుకు అప్పీలుంది. కోర్టు ముందు కూడా మొదట తెరుచుకునేవి ఆ గ్యారంటీ, ఆ ఉత్తరం, ఆ పట్టికే.