అసలెంత, వడ్డీ ఎంత? ఎక్సెల్‌లో ఇంటి అప్పు లెక్క

ఇరవై లక్షల ఇంటి అప్పు, 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. నెలకు కిస్తీ 17,995 రూపాయలని బ్యాంకు చెబుతుంది. అందులో అసలుకు పోయేదెంతో తెలియాలంటే ఎక్సెల్‌లో చిన్న పట్టిక వేసుకుంటే చాలు.

B1లో 2000000, B2లో 9%, B3లో 20 రాయండి. శాతం గుర్తు తప్పనిసరి. ఉత్త 9 రాస్తే ఎక్సెల్ దాన్ని 900 శాతంగా తీసుకుంటుంది. B4లో కిస్తీ సూత్రం:

```
=PMT(B2/12,B3*12,-B1)
```

కట్టేది నెలనెలా కాబట్టి వడ్డీని 12తో భాగించి, ఏళ్లను 12తో గుణించాలి. ఈ రెండింటిలో ఏది మరిచినా కిస్తీ నమ్మలేనంతగా మారిపోతుంది. చేతికొచ్చే డబ్బును, చేతి నుంచి పోయే డబ్బును ఎక్సెల్ వ్యతిరేక గుర్తులతో చూపుతుంది. B1 ముందు మైనస్ పెడితే కిస్తీ మామూలు అంకెగా కనిపిస్తుంది. జవాబు 17,994.52 రావాలి.

ఇప్పుడు A7 నుంచి కిందికి 1 మొదలు 240 దాకా నెలల వరుస వేయండి. ఏడో వరుసలో B, C, D గడుల్లో వరుసగా వడ్డీ, అసలు, మిగిలిన బాకీ:

```
=IPMT($B$2/12,A7,$B$3*12,-$B$1)
=PPMT($B$2/12,A7,$B$3*12,-$B$1)
=$B$1-SUM(C$7:C7)
```

ఈ మూడింటినీ 246వ వరుస దాకా లాగండి. డాలరు గుర్తులు ఉంటేనే లాగేటప్పుడు B1, B2, B3 కదలకుండా ఉంటాయి. ఏ నెలలోనైనా వడ్డీ, అసలు కలిపితే B4లోని కిస్తీ రావాలి. D246లో సున్నా కనిపించాలి. ఈ రెండూ సరిపోతే పట్టిక సరైనదే. 241వ నెల రాస్తే #NUM! అని వస్తుంది, అప్పటికి గడువు అయిపోయింది మరి.

మొదటి నెల చూడండి: వడ్డీ 15,000, అసలు 2,994.52 మాత్రమే. అసలు వాటా వడ్డీని దాటేది 149వ నెలలో, అంటే పన్నెండేళ్లు గడిచాక. అయిదేళ్లలో మీరు 10,79,671 రూపాయలు కట్టినా బాకీ ఇంకా 17,74,141 ఉంటుంది. అప్పు తీసుకునే ముందే చూడాల్సిన అంకె ఇదేనని నా అభిప్రాయం.

ఈ సూత్రాలు వడ్డీ రేటు మారదనుకుని లెక్క వేస్తాయి. మన ఇంటి అప్పులు చాలావరకు మారే వడ్డీవి. అయిదేళ్ల తర్వాత రేటు 10 శాతమైతే B2 మార్చకండి, గడిచిన నెలల లెక్క కూడా తారుమారవుతుంది. మిగిలిన 17,74,141ను కొత్త అప్పుగా, గడువును 15 ఏళ్లుగా పెట్టి మరో షీటులో మొదలుపెట్టండి. కిస్తీ దాదాపు 19,065 అవుతుంది. కిస్తీ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది ఎంచుకునే వీలు రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. బ్యాంకుకు వెళ్లేముందు రెండు లెక్కలూ వేసుకుని వెళ్లండి.