గబగబా చదివే పిల్లలకు ఏ నవల ఇవ్వాలి?

ఆరో తరగతి పిల్లలు రోజుకో నవల చదివేస్తుంటే ఇంట్లో వాళ్లు చాలామంది లావుపాటి పుస్తకాలు వెతకడం మొదలుపెడతారు. నా మటుకు పేజీల లెక్క కన్నా కథను అల్లిన తీరు ముఖ్యం. గబగబా చదివేవాళ్లు సాధారణంగా వర్ణనలు దాటేసి సంభాషణల మీదుగా పరుగెడతారు. సాహస కథల్లో దానివల్ల పెద్దగా నష్టమేమీ ఉండదు. అపరాధ పరిశోధన కథలో మాత్రం రచయిత ఆధారాన్ని దాచేది సరిగ్గా ఆ దాటేసిన వాక్యాల్లోనే.

ఎరిక్ కాస్ట్‌నర్ అనే జర్మన్ రచయిత 1929లో రాసిన 'ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్' చూడండి. ఎమిల్ అనే పిల్లాడు బెర్లిన్‌లో ఉన్న అమ్మమ్మకు ఇవ్వాల్సిన డబ్బుతో ఒంటరిగా రైలెక్కుతాడు. డబ్బు పోతుందేమోనని కోటు జేబులో గుండుసూదితో గుచ్చిపెట్టుకుంటాడు. కునుకు పట్టి లేచేసరికి డబ్బూ ఉండదు, ఎదురుగా కూర్చున్న టోపీ మనిషీ ఉండడు. బెర్లిన్ వీధుల్లో ఊరి పిల్లలంతా కలిసి ఆ దొంగ వెంటపడటం అద్భుతంగా ఉంటుంది. కానీ చివరికి బ్యాంకులో 'ఈ నోట్లు నావే' అని ఎమిల్ రుజువు చెయ్యగలిగేది ఆ గుండుసూది చేసిన చిల్లుల వల్లే. ఇది పెద్దవాళ్లకు చెబుతున్న మాట, పిల్లలకు ముందే చెప్పెయ్యకండి. బ్యాంకు ఘట్టం ముందు పుస్తకం మూయించి, 'నోట్లు తనవేనని ఎమిల్ ఎలా నిరూపిస్తాడు?' అని అడగండి. వెనక్కి వెళ్లి వెతికితే సూది కనిపిస్తుంది. అలా ఒకసారి దొరికితే, తరువాతి నవలలో చిన్న వస్తువుల దగ్గర వాళ్లే ఆగుతారు.

అయితే ఇలాంటి పుస్తకంతోనే మొదలుపెట్టాలని లేదు. రోజుకో పుస్తకం కావాలంటే ముందు వరస నవలలు అందించాలి. ఎనిడ్ బ్లైటన్ 'ఫేమస్ ఫైవ్' నవలలు 21 ఉన్నాయి, 1942లో మొదలయ్యాయి. దీవులు, సొరంగాలు, స్మగ్లర్లు, అంతా పరుగే. అవి నచ్చిన పిల్లల్ని అదే రచయిత్రి రాసిన 'ఫైవ్ ఫైండ్-ఔటర్స్' వైపు మళ్లించాలంటాను. ఆ వరసలో 15 నవలలున్నాయి. మొదటి నవలలో ఓ కుటీరం తగలబడుతుంది. పిల్లలు అనుమానితుల జాబితా రాసుకుని, ఆ రాత్రి ఎవరెక్కడ ఉన్నారో ఆరా తీసి, ఒక్కో పేరూ కొట్టేస్తూ వెళతారు. చదివేవాళ్లూ పక్కన కాగితం పెట్టుకుని అదే పని చెయ్యొచ్చు.

ఆ తరువాత సత్యజిత్ రాయ్ ఫెలూదా. బెంగాలీ పిల్లల పత్రిక 'సందేశ్'లో 1965లో పుట్టిన ఈ డిటెక్టివ్ కథలన్నీ ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా దొరుకుతాయి. కథ చెప్పేది అతని తమ్ముడి వరసయ్యే తోప్షే. మొదట 'సోనార్ కెల్లా' ఇవ్వండి. పూర్వజన్మలో బంగారు కోట చూశానని చెప్పే ఓ చిన్న పిల్లాడు, వాడి వెంట దుండగులు, జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాకా ప్రయాణం, మధ్యలో రైలు అందుకోవడానికి ఒంటెల మీద పరుగు. నవ్వించే రచయిత జటాయు పరిచయమయ్యేది ఈ నవలలోనే. ఫెలూదా చార్మినార్ సిగరెట్లు తాగుతాడు, కొన్ని కథల్లో హత్యలుంటాయి. అందుకే ఒకటి రెండు కథలు మీరు ముందుగా చదివి ఇవ్వడం మంచిది.

ఇవన్నీ నమిలేశాక ఎలెన్ రాస్కిన్ రాసిన 'ద వెస్టింగ్ గేమ్' పెట్టండి. 1979లో న్యూబెరీ పతకం అందుకున్న నవల ఇది. ఓ కోటీశ్వరుడి వీలునామా ప్రకారం 16 మంది వారసులు ఎనిమిది జతలుగా విడిపోతారు. ఒక్కో జతకూ కొన్ని విడి మాటలే ఆధారాలుగా అందుతాయి, ఏ జతకిచ్చినవి వాళ్లవే. పాత్రలు ఎక్కువ, దృశ్యం తొందరగా మారిపోతుంది. ఇరవై పేజీలు తిరిగేసరికి ఎవరు ఎవరో తెలియక విసుగొస్తే పిల్లల తప్పేమీ లేదు. పదహారు పేర్లూ, వాళ్ల పనులూ ఓ కాగితం మీద రాయించి పుస్తకంలో పెట్టండి. అప్పటికీ కుదరకపోతే ఏడాది ఆగి ఇవ్వండి. వేగంగా చదివే పిల్లలు రెండోసారి తెరిచే పుస్తకం ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే. జవాబు తెలిశాక మొదటి పేజీలన్నీ వేరే అర్థంతో కనిపిస్తాయి.

తెలుగులోనే హాయిగా చదివే పిల్లలకు స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలండ్'కు నండూరి రామమోహనరావు చేసిన అనువాదం 'కాంచన ద్వీపం' ఇవ్వండి. దానితోపాటు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వంటి సీరియల్స్ చదివించండి. అవి నెలనెలా వచ్చిన కథలు కనుక ప్రతి భాగమూ ఓ ప్రమాదపు అంచున ఆగుతుంది. మన అమ్మానాన్నలు తరువాతి సంచిక కోసం నెల రోజులు ఎదురుచూశారు. ఇప్పుడు భాగాలన్నీ ఒకేచోట చేతికందితే పిల్లలు ఆ పుస్తకాన్ని కింద పెట్టరు. అందుకే రాత్రిపూట కన్నా సెలవు రోజు పొద్దున ఇస్తే మేలు.